సీతాఫలం అంటు మొక్కలను, గింజలను అమ్మకానికి పెట్టేటప్పుడు వివరణ ఎలా రాయాలి?

బాలానగర్ సీతాఫలం అంటును జులైలో తెప్పించుకున్నవారి చేతికి నిండా ఆకులున్న మొక్క వస్తుంది. అదే నర్సరీలో అదే వరుసలో పెరిగిన మొక్కను జనవరి చివర తెప్పించుకున్నవారి చేతికి ఒక్క ఆకు కూడా లేని పుల్ల వస్తుంది. రెండూ ఆరోగ్యంగా ఉన్న మొక్కలే. అమ్మకం పేజీలో ఏడాది పొడవునా జులై ఫొటోనే ఉంటే మాత్రం రెండో కొనుగోలుదారు మోసపోయానని అనుకుంటాడు, అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, బాలానగర్ పరిసరాల నుంచి ఆన్‌లైన్‌లో సీతాఫలం మొక్కలు, గింజలు అమ్మాలనుకునే చిన్న నర్సరీదారుల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఈ మొక్క రూపం కాలాన్ని బట్టి మారుతుంది కనుక దాని వివరణను కూడా కనీసం ఏడాదికి రెండుసార్లు తిరగరాయాలి అన్నదే ఇందులోని ప్రధాన సూచన.

మొదటి అడుగు: అమ్ముతున్నది అంటా, మొలకా అన్నది ముందే చెప్పండి

పాలమూరు జిల్లాలోని బాలానగర్ పేరుతో ప్రసిద్ధమైన రకం పేరు రాయగానే కొనేవారు ఆ పండునే ఊహించుకుంటారు. బాలానగర్ పండు తిని, దాని గింజను నాటి పెంచిన మొక్క బాలానగర్ అంటు కాదు. గింజ మొక్కలు తల్లి చెట్టుకు దగ్గరగా ఉండవచ్చు గానీ పండు పరిమాణం, గింజల సంఖ్య, గుజ్జు శాతం, కాపు మొదలయ్యే కాలం ఒక్కో మొక్కకు ఒక్కో తీరుగా ఉంటాయి. అంటు కట్టిన మొక్క సాధారణంగా రెండు మూడేళ్లలో కాపుకు వస్తుంది, గింజ మొక్కకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల శీర్షికలోనే 'బాలానగర్ సీతాఫలం, అంటు మొక్క' అనో 'బాలానగర్ పండు గింజతో పెంచిన మొలక' అనో రాయాలి. రెండోదాన్ని 'బాలానగర్ మొక్క' అని మాత్రమే రాసి వదిలేయడం నా దృష్టిలో సగం అబద్ధమే.

అంటు అయితే పైన అతికించిన కొమ్మను, అంటే పైకొమ్మను, ఎక్కడినుంచి తెచ్చారో, కింద వేళ్లనిచ్చే మొక్క, అంటే వేరు మూలం, ఏదో కూడా చెప్పాలి. సొంత తోటలో కాపు చూసిన చెట్టు నుంచి కొమ్మ తీసుకున్నట్లయితే ఆ చెట్టు ఎన్నేళ్లదో రాసి, దాని పండు ఫొటో పెట్టి, 'ఇది తల్లి చెట్టు పండు, అమ్మే మొక్కకు ఇంకా కాపు లేదు' అని ఫొటో కిందనే రాయండి. పండు ఫొటోను మొక్క ఫొటో పక్కన ఏ మాటా లేకుండా పెడితే కొనేవారు రెండింటినీ కలిపే చూస్తారు. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క సహన్ లాంటి సంకర రకాలను గింజల రూపంలో అమ్మకండి. సంకర రకం గింజ నుంచి అదే రకం రాదు, కాబట్టి ఆ పేరుతో గింజల పొట్లం అమ్మితే వివరణ ఎంత బాగా రాసినా నిజాయితీ ఉండదు.

పండ్ల మొక్కల అంటులు, గింజలు విత్తన చట్టం పరిధిలోకి వస్తాయి, పండ్ల మొక్కలు పెంచి అమ్మే నర్సరీలు ఉద్యాన శాఖ దగ్గర నమోదు కావాలి. మీకు వర్తించే నమోదు, లైసెన్సు వివరాలను జిల్లా ఉద్యాన కార్యాలయంలో తెలుసుకుని, ఆ సంఖ్యను అమ్మకం పేజీలోనే ఉంచండి.

రెండో అడుగు: ఎదుగుదల దశను కొలిచి రాయండి

'ఏడాదిన్నర మొక్క' అనే మాట నర్సరీల్లో తరచుగా వినిపిస్తుంది. అందులో ఏడాది వేరు మూలానిది, మిగిలిన ఆరు నెలలు మాత్రమే అంటువి కావచ్చు. కొనేవారికి పనికొచ్చేది అంటు వయసు, ఎందుకంటే కట్టు, అంటే పైకొమ్మను వేరు మూలానికి కలిపి కట్టిన చోటు, ఎంత బలంగా ఉందన్నది, పైకొమ్మ ఎదుగుదల, కాపుకు పట్టే కాలం అన్నీ దానిమీదే ఆధారపడతాయి. కాబట్టి గింజ నాటిన నెలను, అంటు కట్టిన నెలను వేర్వేరుగా రాయండి.

ఎత్తును సంచిలోని మట్టి పైభాగం నుంచి కొలవాలి. సంచి అడుగు నుంచి కొలిస్తే ఇంచుమించు మరో జానెడు ఎక్కువ కనిపిస్తుంది, ఈ తేడా పెట్టె విప్పగానే బయటపడుతుంది. మొత్తం ఎత్తుతో పాటు కట్టు మట్టికి ఎంత ఎత్తులో ఉందో, కట్టు పైన కొమ్మ ఎంత పెరిగిందో కూడా చెప్పాలి. రెండడుగుల మొక్కలో కట్టు పైన ఆరు అంగుళాలే ఉంటే అది లేత అంటు. అలాంటి మొక్కను అమ్మడంలో తప్పు లేదు గానీ లేతదని చెప్పి, దానికి తగిన ధరే పెట్టాలి. కట్టు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీ తీశారా లేదా అన్నది చాలామంది రాయరు. పట్టీని అలాగే వదిలేస్తే కాండం లావయ్యేకొద్దీ అది లోపలికి కోసుకుపోయి, గాలి వీచిన రోజు మొక్క సరిగ్గా అక్కడే విరుగుతుంది. తీయకుండా పంపుతున్నట్లయితే ఏ నెలలో తీయాలో రాసి పంపాలి.

వేళ్ల పరిస్థితి ఫొటోలో కనిపించదు, అందుకే దాన్ని మాటల్లో చెప్పాలి. సీతాఫలం గింజ మొక్కకు తల్లి వేరు త్వరగా దిగుతుంది. చిన్న సంచిలో ఏడాదికి మించి ఉంటే ఆ వేరు అడుగున చుట్టలు తిరుగుతుంది, లేదా రంధ్రం గుండా నేలలోకి దిగుతుంది. నేలలోకి దిగిన మొక్కను ఎత్తినప్పుడు వేరు తెగుతుంది, వారం లోపే ఆకులు వాలిపోతాయి. కాబట్టి సంచులను పంపే రోజున కాకుండా కనీసం మూడు వారాల ముందే ఎత్తి, తెగిన వేళ్లను కత్తిరించి, నీడలో పెట్టి చూడాలి. ఆ మూడు వారాల్లో తేరుకోని మొక్కను అమ్మకంలో పెట్టకూడదు. సంచి కొలతను, అందులో మొక్క ఎంతకాలంగా ఉందో రాస్తే, తెలిసినవారు మిగతాది తామే అర్థం చేసుకుంటారు.

మూడో అడుగు: ఆకుల స్థితిని నెలతో కలిపి చెప్పండి

సీతాఫలం ఆకు రాల్చే చెట్టు. మన ప్రాంతంలో చలి ముదిరాక ఆకులు పసుపెక్కడం మొదలై, ఎండలు ముదిరేలోపు కొమ్మలు బోసిపోతాయి. నీటి తడిని బట్టి వేసవిలోనో, తొలకరి జల్లులతోనో కొత్త చివుళ్లు వస్తాయి. దీనికి మరో ప్రత్యేకత కూడా ఉంది. కొత్త మొగ్గ ఆకు తొడిమ మొదలు కింద దాగి ఉంటుంది, ఆకు రాలేదాకా బయటికి కనిపించదు, సాధారణంగా చిగురించదు కూడా. అంటే ప్రయాణంలో ఆకు రాలడం ఈ మొక్కకు చావు గుర్తు కాదు, చాలాసార్లు అక్కడినుంచే కొత్త చిగురు వస్తుంది. కొందరు నర్సరీవారు పంపేముందు ఆకులను తామే తుంచేస్తారు. నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది కాబట్టి అది మంచి పద్ధతే, కానీ తుంచి పంపుతున్నామని ముందే రాయాలి.

ఇదంతా అమ్మేవారికి సాకుగా మారే ప్రమాదం కూడా ఉంది. నిజంగా ఎండిపోయిన మొక్కను పంపి 'ఇది నిద్రావస్థలో ఉంది' అనడం చాలా తేలిక. అందుకే ఆకు లేని మొక్కను అమ్మేటప్పుడు అది బతికి ఉందో లేదో తేల్చుకునే పద్ధతిని కొనేవారికి మీరే నేర్పాలి. కొమ్మ చివర నుంచి కిందికి వస్తూ రెండు మూడు చోట్ల బెరడును గోటితో చిన్నగా గీకాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్లు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ భాగం ఎండినట్లు. చివర రెండు మూడు అంగుళాలు ఎండి, కింద పచ్చగా ఉంటే భయపడాల్సింది లేదు, ఎండిన భాగాన్ని కత్తిరిస్తే సరిపోతుంది. అసలు చూడాల్సింది కట్టుకు పైనున్న భాగాన్ని. కట్టుకు కింద పచ్చగా ఉండి, పైన అంతా గోధుమ రంగులో ఉంటే మొక్క బతికే ఉంటుంది గానీ అంటు చచ్చిపోయినట్లే. ఆ తర్వాత వచ్చే చిగుళ్లు వేరు మూలానివి, ఏ రకం పండు కాస్తుందో చెప్పలేని గింజ మొక్కవి. పంపేముందు ప్రతి మొక్కకూ ఈ గీకుడు పరీక్ష మీరే చేసి, గీకిన చోటును దగ్గరగా తీసిన ఫొటోను పేజీలో పెట్టండి.

నాలుగో అడుగు: ప్రయాణాన్ని ముందుగా ఇంట్లోనే పరీక్షించండి

'సురక్షితంగా ప్యాక్ చేసి పంపుతాం' అన్న వాక్యం వల్ల కొనేవారికి ఏమీ తెలియదు. ఏ స్థితిలో అందుతుందో తెలియాలంటే, అమ్మే మొక్కల్లోంచి రెండు మూడింటిని సరిగ్గా కొరియర్‌కు ఇచ్చినట్లే కట్టి, కొరియర్‌కు పట్టే రోజులకు మరో రెండు రోజులు కలిపి, నేరుగా ఎండ పడని గదిలో ఉంచి, ఆ తర్వాత విప్పి చూడండి. అప్పుడు కనిపించినదే వివరణలో రాయాలి. కింది ఆకులు ఎన్ని రాలాయి, చివుళ్లు వాలాయా, మట్టి ముద్ద పగిలిందా, పెట్టె లోపల బూజు వాసన వచ్చిందా అన్నవి గమనించి, విప్పిన మొక్క ఫొటో కూడా పెట్టండి. ఈ ఫొటో అందంగా ఉండకపోవచ్చు. కొనేవారి చేతికి అందబోయే మొక్కకు అన్నింటికంటే దగ్గరగా ఉండేది మాత్రం అదే.

కట్టే పద్ధతి ఫలితాన్ని చాలా మారుస్తుంది. నీళ్లు ముందు రోజే పోయాలి. పంపే పూట పోస్తే ఎర్రమట్టి బురదై ముద్ద విడిపోతుంది, పెట్టె అడుగు నానుతుంది. సంచి మూతిని కాండం చుట్టూ కట్టి, కాండాన్ని వెదురు పుల్లకు రెండు చోట్ల ఆనించి కట్టాలి, అందులో ఒకటి కట్టుకు పైన ఉండాలి. ఆకులను తడిగా ప్లాస్టిక్‌లో చుట్టకూడదు, రెండు రోజుల్లో నల్లబడి కుళ్లుతాయి. బరువు తగ్గించడానికి మట్టి దులిపి, వేళ్లకు కొబ్బరి పొట్టు చుట్టి పంపేవారు ఉన్నారు. ఆకు లేని కాలంలో అలా పంపవచ్చు, ఆకులున్న మొక్కకు అది పెద్ద దెబ్బ. ఏ విధంగా పంపుతున్నారో ఒక్క వాక్యంలో రాస్తే చాలు, కానీ ఆ వాక్యం తప్పకుండా ఉండాలి.

పంపే ముందు పిండినల్లిని వెతకండి. సీతాఫలానికి ఇది పాత శత్రువు. కొమ్మ పంగల్లో, ఆకు కింద తెల్లటి దూదిలా కనిపిస్తుంది. చీమలు బారులుగా ఎక్కుతున్నాయంటే ఎక్కడో పిండినల్లి ఉందని అనుమానించాలి. కొనేవారి మిద్దె తోటలో ఉన్న మందారానికి, జామకు కూడా అది పాకుతుంది. ఒక వరుసలో అది కనబడితే ఆ వరుస మొత్తాన్ని అమ్మకం నుంచి తీసి, మందు కొట్టి, శుభ్రపడిందని నిర్ధారించుకున్నాకే తిరిగి పెట్టండి.

ఐదో అడుగు: సంరక్షణలో నిరాశపరిచే విషయాలను కూడా రాయండి

ఎండ, నీరు ఇంగే నేల, కుండీ అయితే అడుగున పెద్ద రంధ్రాలు, ఇవన్నీ అందరూ రాసేవే. సీతాఫలం కరువును తట్టుకుంటుంది గానీ వేళ్ల దగ్గర నిలిచిన నీటిని తట్టుకోదు. ముఖ్యంగా ఆకు లేని కాలంలో రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది, ఎందుకంటే నీటిని పైకి లాగే ఆకులే అప్పుడు ఉండవు. పుల్లను చూసి జాలిపడి నీళ్లు ఎక్కువ పోయడం కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు, కాబట్టి శీతాకాలపు వివరణలో ఈ హెచ్చరికను మొదటి వాక్యంగా పెట్టండి.

పూత గురించి కూడా నిజం చెప్పాలి. ఈ పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. రెండూ ఒకే సమయంలో కలవకపోవడం వల్ల, పరాగాన్ని మోసే చిన్న పెంకు పురుగులు నగరపు మిద్దెల మీద తక్కువగా ఉండడం వల్ల, పొడి ఎండల్లో వచ్చిన పూతలో చాలా భాగం రాలిపోతుంది. హైదరాబాద్‌లో మిద్దె మీద కుండీలో పెంచేవారికి 'రెండేళ్లలో కాపు' అని మాత్రమే చెప్తే, పూత రాలిన ప్రతిసారీ మొక్కలో లోపం ఉందనుకుంటారు. 'రెండు మూడేళ్లలో పూత రావచ్చు, కాయ నిలవాలంటే గాలిలో తేమ కావాలి, చేత్తో పరాగం అద్దితే నిలిచే అవకాశం పెరుగుతుంది' అని రాయండి.

ఒక నమూనా

గత ఏడాది వానాకాలంలో గింజ నాటి, ఈ ఏడాది ఫిబ్రవరిలో అంటు కట్టిన అరవై మొక్కలు మీ దగ్గర ఉన్నాయనుకుందాం. జులైలో పెట్టే వివరణ ఇలా ఉండవచ్చు:

'బాలానగర్ సీతాఫలం, అంటు మొక్క. వేరు మూలం నాటు సీతాఫలం గింజ మొక్క. అంటు వయసు 5 నెలలు. మట్టి నుంచి ఎత్తు 18 నుంచి 22 అంగుళాలు, కట్టు 6 అంగుళాల ఎత్తులో ఉంది, పట్టీ తీసేశాము. 6×8 అంగుళాల సంచిలో ఎర్రమట్టి, పశువుల ఎరువుతో ఉంది, మట్టితో సహా పంపుతాము. ప్రస్తుతం లేత చివుళ్లు ఉన్నాయి. ఇదే పెట్టెలో 6 రోజులు ఉంచి చూస్తే కింది ఆకులు నాలుగైదు రాలాయి, చివుళ్లు వాలి, నీడలో పెట్టిన మూడో రోజుకు తేరుకున్నాయి. ఫొటో ఈ వారం తీసినది, మీకు అందేది ఫొటోలోని మొక్క ఉన్న వరుసలోనిదే.'

మిగిలిపోయిన ఇరవై మొక్కలకు జనవరిలో అదే పేజీ ఇలా మారాలి:

'అంటు వయసు 11 నెలలు. ఎత్తు 24 నుంచి 30 అంగుళాలు. మొక్క ఇప్పుడు ఆకు రాల్చిన స్థితిలో ఉంది, మీకు ఆకులు లేకుండానే అందుతుంది. ప్రతి మొక్కనూ కట్టు పైన గీకి పచ్చగా ఉందని చూశాకే పంపుతున్నాము, గీకిన గుర్తు మీకు కనిపిస్తుంది. చిగురు రావడానికి వేసవి దాకా, కొన్నిసార్లు జూన్ దాకా పట్టవచ్చు. అప్పటివరకు మట్టి పైన రెండు అంగుళాల లోతు ఆరాకే నీళ్లు పోయండి. 6×8 సంచిలో ఏడాది గడిచింది కాబట్టి అందిన నెలలోపు పెద్ద కుండీలోకి గానీ నేలలోకి గానీ మార్చాలి.'

రెండో వివరణ వల్ల జనవరిలో అమ్మకాలు తగ్గుతాయి, అది నిజమే. ఆ తగ్గుదలను ఒప్పుకోవాలి, ఎందుకంటే పుల్లను చూసి బెంబేలెత్తి డబ్బు వెనక్కి అడిగేవారి సంఖ్య కూడా దానితోనే తగ్గుతుంది. ప్రయాణాన్ని ఈ మొక్క అన్నింటికంటే బాగా తట్టుకునేది కూడా ఆకు లేని ఈ కాలంలోనే.

ఆరో అడుగు: గింజలు

గింజల పేజీలో నాలుగు సంగతులు ఉంటే చాలు: ఏ నెలలో పండు నుంచి తీశారు, ఒకే తోటవా లేక సంతలో కొన్న పండ్లవా, మొలక పరీక్ష ఎప్పుడు చేశారు, ఎన్ని మొలిచాయి. సీతాఫలం గింజ పెంకు గట్టిది. రోజంతా నానబెట్టి నాటినా మొలవడానికి నెల, కొన్నిటికి రెండు నెలలు పడుతుంది, అన్నీ ఒకేసారి రావు. అందుకే పరీక్షను కనీసం రెండు నెలలు కొనసాగించాలి. ఇసుక, మట్టి కలిపిన ట్రేలో 40 గింజలు నాటారు, 60 రోజులకు 26 మొలిచాయి అనుకుంటే, పేజీలో 65 శాతం అని రాసి, పరీక్ష నెల, పట్టిన రోజులు కూడా చేర్చండి. పరీక్ష చేయడానికి సమయం లేకపోతే పది గింజలను నిలువుగా కోసి చూడండి. లోపలి పప్పు తెల్లగా నిండుగా ఉండాలి. ముడుచుకుని గోధుమ రంగులో ఉన్నవి ఎక్కువైతే ఆ గింజలను అమ్మకండి. కోసి చూడటం మొలక శాతానికి బదులు కాదు కనుక, అలాంటప్పుడు 'మొలక పరీక్ష చేయలేదు' అని రాయాలి.

మరొక హెచ్చరిక తప్పనిసరి. సీతాఫలం గింజల పొడి విషపూరితం. పేల కోసం తలకు పట్టించే అలవాటు ఊళ్లలో ఉంది, అది కంట్లో పడితే కంటి పొరకు తీవ్రమైన గాయమవుతుంది. పొట్లం మీద 'నాటడానికి మాత్రమే, నూరకండి, పిల్లలకు అందనీయకండి' అని పెద్ద అక్షరాల్లో ముద్రించండి.

ఏడో అడుగు: హామీని మొక్క కాలానికి సరిపెట్టండి

'అందిన 24 గంటల్లో వీడియో పంపాలి, తర్వాత బాధ్యత లేదు' అన్న షరతు విరిగిన కాండం, పగిలిన మట్టి ముద్ద లాంటి వాటికి సరిపోతుంది. ఆకు లేని మొక్కకు ఆ షరతు పెట్టడం న్యాయం కాదు, ఎందుకంటే మొదటి రోజు చచ్చిన పుల్లకు, బతికిన పుల్లకు వీడియోలో తేడా తెలియదు. ఇలాంటి మొక్కలకు రెండు భాగాల హామీ ఇవ్వండి. అందిన రెండు రోజుల్లో కట్టు పైన గీకి తీసిన ఫొటోలో గోధుమ రంగు కనిపిస్తే వెంటనే మరో మొక్క పంపాలి. పచ్చగా ఉన్నట్లయితే జూన్ నెలాఖరు దాకా చిగురు కోసం చూడాలి. అప్పటికీ కట్టు పైన చిగురు రాకపోయినా, కట్టు కింద మాత్రమే వచ్చినా, మార్చి ఇవ్వాలి. అతిగా నీళ్లు పోసి వేరు కుళ్లిన మొక్కకు ఇది వర్తించదని కూడా ముందే రాయండి. కుళ్లిన వేరు నల్లగా ఉంటుంది, లాగితే పైపొర ఊడి చేతికి వస్తుంది. మొక్కను సంచిలోంచి తీసి వేళ్ల ఫొటో పంపమని అడిగితే ఎవరివైపు లోపమో చాలావరకు తేలిపోతుంది.

ఇందుకోసం మీరు పంపిన ప్రతి మొక్కకూ ఒక వరుస సంఖ్య రాసిన చీటీని కాండానికి కట్టి, పంపిన తేదీని, గీకిన చోటు ఫొటోను ఆ సంఖ్య కింద దాచుకోవాలి. జూన్‌లో ఫిర్యాదు వచ్చినప్పుడు జనవరిలో ఆ మొక్క ఎలా ఉందో ఇద్దరూ ఒకే ఫొటోలో చూడవచ్చు.